పద్దెనిమిది నిండని వీధి

ఎన్నికల కార్యాలయంలో ఫ్యాన్లకు ఒక మంచి గుణముంది. కాగితాలున్న చోట రయ్యిమని తిరుగుతాయి, మనుషులున్న చోట మూలుగుతాయి. అలా మూలుగుతున్న ఫ్యాన్ కింద, అధికారి బల్ల ముందు టీచరమ్మ నిలబడి ఉంది. కూర్చోమని ఆయన రెండుసార్లు అన్నాడు. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని ఆవిడ భయం.

ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు. ఓటర్ల జాబితా సవరించే రోజులొస్తే మాత్రం బడి చుట్టుపక్కల వీధులకు బూత్ అధికారి. పేరుకి అధికారే గానీ పనంతా కాళ్ళతోనే. ఇల్లిల్లూ తిరిగి కొత్త ఓటర్ల దరఖాస్తులు తీసుకోవాలి, ఇల్లు మారినవాళ్ళెవరో, పోయినవాళ్ళెవరో చూసి రాయాలి. ఏళ్ళ తరబడి చేస్తోంది. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ముసలాయన ఓటు కార్డు దిండు కింద పెట్టుకుని పడుకుంటాడో ఆవిడకి కంఠతా వచ్చు.

అధికారి మాత్రం కొత్త. ఈ మధ్యే బదిలీ మీద వచ్చాడు. మనిషి మంచివాడే, గొంతే కాస్త పెద్దది.

"కంగారు పడకండి టీచర్ గారూ, మీరు దొంగ ఓట్లు రాశారని ఎవరూ అనట్లేదు" అన్నాడు.

ఆ మాటకి పక్క బల్లల మీది తలలన్నీ ఒక్కసారి లేచాయి. ధైర్యం చెప్పడం అంటే ఇదేనన్నమాట!

"ఈ నియోజకవర్గంలో జనాభా నూటికి నలుగురు పెరిగితే ఓటర్లు నూటికి పద్నాలుగు మంది పెరిగారేంటని పార్టీలవాళ్ళు గోల చేస్తున్నారు. నిన్న ఒకాయన ఇక్కడే కూర్చుని బల్ల గుద్దాడు, మనుషులు పుట్టకుండానే ఓటర్లు పుడుతున్నారా అని. మీ ఇంట్లో ఎంతమందండీ అన్నాను. ఐదుగురం అన్నాడు. ఐదేళ్ళ కిందటో? అప్పుడూ ఐదుగురమే. అప్పుడు ఓట్లెన్ని? రెండు. ఇప్పుడో? నాలుగు. మరి మీ ఇంట్లో దొంగ ఓట్లు ఎన్నండీ అన్నాను. నోరు మూసుకుని టీ తాగి పోయాడు."

టీచరమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"పిల్లాడు పుట్టిన రోజే జనాభాలో చేరిపోతాడు. జాబితాలోకి రావడానికి పద్దెనిమిదేళ్ళు పడుతుంది. వచ్చిన రోజున జనాభా ఒక్కరు కూడా పెరగరు, జాబితా మాత్రం ఒకరు పెరుగుతుంది. ఒకప్పుడు ఇంటికి ముగ్గురేసి పుట్టారు, వాళ్ళందరూ ఇప్పుడు ఓటర్లు అవుతున్నారు. ఇప్పుడు పుట్టేది ఇంటికొకరు. పెద్దవాళ్ళా, పూర్వంలా తొందరగా పోవట్లేదు. పోయినవాళ్ళ పేర్లు కూడా ఇంట్లోవాళ్ళు చెప్పేదాకా, మనం వెళ్ళి చూసేదాకా జాబితాలోనే ఉంటాయి. అద్దెకొచ్చినవాళ్ళలో సగంమందికి ఓటు సొంతూళ్ళోనే. ఇక జనాభా, జాబితా ఒకటెలా అవుతాయి?"

"నిజమే సార్" అంది టీచరమ్మ.

"అందుకే మీ బూత్ చూస్తే నాకు అనుమానం వచ్చింది. అన్ని చోట్లా ఈ ఏడు కొత్త ఓటర్లు గుంపుగా వచ్చారు. పోయినేటి దాకా మీ దగ్గరా వచ్చారు. ఈ ఒక్క ఏడు ఎవరో కత్తెరతో కోసినట్టు ఆగిపోయింది. ఎందుకా అని బడిఈడు పిల్లల పాత సర్వే తెప్పించాను. పదేళ్ళ కిందట మీ వీధుల్లో ఎనిమిదేళ్ళ పిల్లలు ముప్పై ఒక్కమంది. అంటే ఇప్పుడు పద్దెనిమిది నిండాల్సినవాళ్ళు. పేర్లతో సహా మీకు పంపాను. మీరు తెచ్చింది పదకొండు దరఖాస్తులు. మిగతా ఇరవై పేర్లకీ ఒకటే మాట రాశారు."

కాగితం ఆవిడ వైపు తిప్పాడు. పేర్ల పక్కన మూడు గడులు. ఇంట్లో ఉన్నారు, వలస వెళ్ళారు, మృతి చెందారు. రెండో గడిలో పైనుంచి కిందికి ఇరవై టిక్కులు. బడిలో సరైన జవాబులకి పెట్టే టిక్కుల్లా ఒక్కొక్కటీ ముచ్చటగా ఉంది.

"ఒక్క వీధి నుంచి, ఒక్క ఈడు పిల్లలు, ఇంతమంది వలస పోతారా? అమ్మా నాన్నలు ఇక్కడే ఉన్నారుగా! ఒకవేళ చదువులకే వెళ్ళారనుకోండి, హాస్టల్లో ఉన్న పిల్లలు సొంతింటి దగ్గరే ఓటు పెట్టుకోవచ్చు. ఆ సంగతి తల్లిదండ్రులకి తెలీదేమో. రేపు పొద్దున నేనే వచ్చి ఇల్లిల్లూ చెప్తాను."

"వద్దు సార్!"

ఆ అరుపుకి ఆవిడే ఉలిక్కిపడింది.

"ఎందుకు వద్దు?"

ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పొచ్చుగా అని మీరంటారు. అనడానికేం, కుర్చీలో కూర్చుని ఎన్నైనా అనొచ్చు. ఆవిడ మాత్రం చేతిసంచీ గట్టిగా పట్టుకుంది. "నేనే మళ్ళీ తిరుగుతాను సార్" అని గొణిగింది. ఆయన చెయ్యి ఊపేశాడు. పాపం, ఆడమనిషిని ఇంకా తిప్పడం ఎందుకనే అనుకున్నాడు.

బస్సులో వస్తున్నంతసేపూ ఆవిడ కళ్ళ ముందు ఒకటే గడప. తన పక్కింటి గడప. వదిన గడప. ఆ కాగితం ఆ గడప ఎక్కకూడదు. మిగతా ఇళ్ళవాళ్ళకి ఎలాగో సర్దిచెప్పుకోవచ్చు, వదినకి మాత్రం ఆ కాగితం కనిపించకూడదు.

జరిగింది ఇదీ. తొమ్మిదేళ్ళ కిందట బడి పిల్లల్ని చెరువు దగ్గరికి విహారానికి తీసుకెళ్ళారు. నాలుగో తరగతి పిల్లలందరూ ఒకే పడవ ఎక్కుతామని పేచీ పెట్టారు. ఎక్కించారు. ఎవడి బుద్ధి అలా గడ్డి తిన్నదో గానీ ఎక్కించారు. పందొమ్మిదిమంది వెళ్ళారు, ఒక్కరూ తిరిగి రాలేదు. అందులో వదిన కూతురు ఒకతి. ఊపిరి తీసుకోకుండా మాట్లాడేదని ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. అదే తరగతిలో టీచరమ్మ కొడుకు గుండు. వాడికి ఆ పొద్దున జ్వరం వచ్చింది. వాడిని ఒళ్ళో పెట్టుకుని ఈవిడ ఇంట్లో కూర్చుండిపోయింది. పిచ్చుక కిటికీలోంచి తొంగిచూసి, "అత్తా, గుండుగాడికి నేనొచ్చి అన్నీ చెప్తాలే" అని పరిగెత్తింది.

ఆ తర్వాత వదినా ఆవిడా రోజూ మాట్లాడుకున్నారు. కూరల ధరలు, కుళాయి నీళ్ళు, అన్నయ్య లారీ ఎక్కి ఎన్నాళ్ళకి దిగుతాడన్నదీ, అన్నీ మాట్లాడుకున్నారు. ఆ ఒక్కటీ తప్ప. వీధి వీధంతా అంతే. వదిన ముందు ఆ పిల్ల పేరెత్తితే ఆవిడ తట్టుకోలేదని ఎవరికి వారే తీర్మానించుకున్నారు. వదినని అడిగినవాడు లేడు.

ఓటర్ల జాబితాలో పోయినవాళ్ళ పేర్లు కొట్టేయడం టీచరమ్మకి కొత్త కాదు. తాతల్ని, మామ్మల్ని, కన్నతండ్రిని కూడా ఆ చేత్తోనే కొట్టేసింది. ఈ పిల్లల పేర్లు వచ్చినప్పుడు మాత్రం పెన్ను మూడో గడి దాకా వెళ్ళి ఆగిపోయింది. రెండో గడికి జరిగింది. ఒకటి జరిగాక రెండోది తేలిక. పందొమ్మిది పెట్టేసింది. ఇరవయ్యో పేరు తన కొడుకుది. వాడు ఎక్కడికీ పోలేదు, వెనక గదిలో పాటలు వింటున్నాడు. వాడికీ పెట్టింది.

ఎందుకంటారా? ముసాయిదా జాబితా బడి గోడకి అంటిస్తారు. అందులో పేర్లు ఇళ్ళ వరస ప్రకారం వస్తాయి. అన్నయ్య, వదిన, ఆ వెంటనే తన ఇల్లు. వదిన కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదువుతుంది. తన పేరు కింద మూడు వరసలు దిగేసరికి గుండు పేరు, వయసు పద్దెనిమిది. అది ఆవిడ కంటపడితే? అందుకని కొడుకు నింపిచ్చిన ఫారం నెల రోజులుగా చేతిసంచీలోనే మోస్తోంది. వాడు అడిగినప్పుడల్లా సర్వర్ పనిచేయట్లేదంటోంది. ఆ సర్వర్‌కి నోరుంటే ఎంత ఏడ్చేదో!

ఇంటికి వస్తూనే పక్కింట్లోకి దూరింది. వదిన కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతోంది.

"వదినా, రేపు పొద్దున్నే బజారుకి వెళ్దామా?"

"బడి మానేసి బజారేంటే? ఒంట్లో బాగానే ఉందా?"

"బట్టలు చూద్దామని."

"నా చుట్టూ ఉన్నవన్నీ ఏంటి మరి, ఇటుకలా?" వదిన సూది పళ్ళతో పట్టుకుని నవ్వింది. "రేపు నాలుగు జాకెట్లు ఇవ్వాలి. ఎక్కడికీ కదలను. నువ్వూ కదలకు, మొహం చూస్తే పీక్కుపోయింది."

ఇక చేసేదేముంది? అధికారికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. తెల్లారి ఆయన రాకముందే వీధి మొదట్లో కాపు కాసి ఆపేద్దామనుకుంది. పది గంటలకంటే ముందు ఏ అధికారి వస్తాడు?

ఈయన ఏడున్నరకే వచ్చాడు. ఎండ ముదరకముందే నాలుగిళ్ళు తిరుగుదామని. టీచరమ్మ తలస్నానం చేసి జుట్టు తుడుచుకుంటోంది. పక్కింటి ముందు స్కూటర్ ఆగిన చప్పుడు, ఆ వెంటనే ఆ పెద్ద గొంతు. తువ్వాలు అక్కడే పడేసి పరిగెత్తింది.

అప్పటికే వదిన గుమ్మంలో నిలబడి ఉంది. మెడలో టేపు వేలాడుతోంది. అధికారి ఆ కాగితం చూసి పేరు చదువుతున్నాడు. ముద్దుపేరు కాదు, బడిలో రాయించిన పేరు, ఇంటిపేరుతో సహా. ఆ గడపలో తొమ్మిదేళ్ళుగా ఎవరూ పలకని పేరు.

"మీ అమ్మాయేనా అమ్మా?"

"మా అమ్మాయే" అంది వదిన.

"సార్!" అని టీచరమ్మ అడ్డం రాబోయింది. వదిన చెయ్యెత్తి ఆపింది. ఆయన మీదనుంచి చూపు తిప్పకుండానే ఆపింది.

"ఇంకోసారి చదవండి బాబూ."

ఆయన చదివాడు. సరిగ్గా పలికానో లేదోనని మరింత నిదానంగా చదివాడు.

"పద్దెనిమిది నిండాయి కదమ్మా అమ్మాయికి?"

"నిండాయండీ. పోయిన నెల్లోనే" అంది వదిన. ఆవిడ గొంతు వణకలేదు, అందుకే టీచరమ్మకి మరీ భయం వేసింది. "మీకెలా తెలుసు?"

"మా లెక్కల్లో ఉంది. ఓటుకి రాయించాలమ్మా. ఎక్కడ చదువుకుంటున్నా పర్వాలేదు, ఫారం ఇక్కడే ఇవ్వొచ్చు. ఒక ఫొటో ఉంటే చాలు."

వదిన లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది. టీచరమ్మ ఆయన చెవిలో చెప్పేయాలనుకుంది. ఈలోగా వదిన రానే వచ్చింది. ఫొటో ఆయన చేతిలో పెట్టింది. రెండు జడలు, ముందు పన్ను ఊడిన నవ్వు.

"ఇది చిన్నప్పటిదమ్మా. ఇప్పటిది కావాలి" అన్నాడాయన.

"దానికంటే కొత్తది లేదు బాబూ."

ఆయన ఫొటో వైపు చూశాడు. వదిన వైపు చూశాడు. తర్వాత టీచరమ్మ వైపు చూశాడు, అప్పటికి అర్థమవడం మొదలైంది.

"పోయింది సార్." టీచరమ్మకి నోరు పెగిలింది, పెగిలాక ఆగలేదు. "చెరువులో పోయింది. మీ కాగితంలో ఉన్నవాళ్ళలో పందొమ్మిదిమంది పోయారు. వలస కాదు సార్, ఎక్కడికీ వెళ్ళలేదు. నేనే అబద్ధం రాశాను."

ఆయన గడప పక్కన అరుగు మీద కూలబడ్డాడు. గొంతు తగ్గించి, "క్షమించండమ్మా. పదేళ్ళ కిందటి కాగితం పట్టుకుని ముందుకి లెక్కేసుకుంటూ వచ్చాను. మధ్యలో ఏం జరిగిందో దానికి తెలీదు. నేనైనా అడగాల్సింది" అన్నాడు.

వదిన ఆ మాట విన్నట్టు లేదు. టీచరమ్మ వైపు తిరిగింది.

"వలస అని రాశావా?"

"రాశాను వదినా."

"ఎందుకే?"

"ఆ మాట రాయలేక."

కొడుతుందనుకుంది. కొడితే బాగుండనుకుంది. వదిన మెడలో టేపు తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది.

"నేనూ అంతే. జాకెట్లకి కొత్తగా ఎవరైనా వచ్చి పిల్లలెంతమంది అంటే, ఒక్కతే, హాస్టల్లో ఉందంటాను. ఏం చదువుతోందని అడుగుతారు. ఏటేటా ఒక్కో తరగతి పెంచి చెప్తున్నాను. ఇప్పుడు కాలేజీలో ఉంది." నవ్వబోయి ఆగిపోయింది. "బయటివాళ్ళతోనే దాని గురించి మాట్లాడుకుంటున్నానే అమ్మాయ్. ఇంట్లోవాళ్ళు ఒక్కరూ నా దగ్గర దాని పేరెత్తరు. నువ్వు కూడా ఎత్తవు. నేనేమైపోతానని నీ భయం? అవ్వాల్సిందంతా అయిపోయాను కదే!"

టీచరమ్మ నిలువునా నీరైపోయింది. తొమ్మిదేళ్ళుగా వదినని కాపాడుతున్నాననుకుంది. ఒంటరిని చేసి వదిలేసింది.

అధికారి కాగితం మోకాలి మీద పెట్టుకుని, రెండో గడిలో టిక్కు కొట్టేసి, మూడో గడి మీద పెన్ను ఆనించి ఆగాడు.

"అక్కడ పెడితే ఏమవుతుంది బాబూ? జాబితాలోంచి తీసేస్తారా?" అడిగింది వదిన.

"లేదమ్మా. జాబితాలోకి ఎక్కలేదు కదా. తీసేయడానికి అందులో ఏమీ లేదు."

"మరి జనాభా లెక్కల్లో?"

ఆయన తల దించుకునే చెప్పాడు. "పదేళ్ళకోసారి కదమ్మా ఆ లెక్క. పోయినసారి ఉంది. వచ్చేసారి ఉండదు. అంతకు ముందుసారికి ఇంకా పుట్టలేదు."

వదిన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. తన కూతురు భూమ్మీద ఎన్నిసార్లు లెక్కలోకి వచ్చిందో తేల్చుకుంది.

"ఒక్కసారేనన్నమాట. ఒక్కసారే లెక్కపెట్టారు దాన్ని" అంది.

అప్పుడు ఏడ్చింది. గడప పట్టుకుని, వీధికి వినిపించేలా, నోరారా ఏడ్చింది. టీచరమ్మ పట్టుకోబోతే ముందు తోసేసింది. తర్వాత తనే లాక్కుని ఆ తడిజుట్టులో మొహం పెట్టుకుంది. అధికారి అరుగు మీదే కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

చప్పుడు విని పక్కింటి గుమ్మంలోకి గుండు వచ్చాడు. నోట్లో పళ్ళ బ్రష్షు, చంకలో తువ్వాలు, మొలుస్తున్న మీసం. వదిన తల ఎత్తి వాడిని చూసింది. ఎన్నాళ్ళుగానో చూడనట్టు కింది నుంచి పైదాకా చూసింది. అధికారి చేతిలో కాగితం చివర ఇరవయ్యో పేరు ఆవిడ కంటపడింది.

"వీడెక్కడికి వలస పోయాడే?"

జవాబు కోసం వదిన ఆగలేదు.

"దానికి లేదని వీడికీ లేకుండా చేస్తావా? నీకు బుద్ధుందా అసలు? ఫారం ఏదీ?"

ఫారం చేతిసంచీలోంచి వచ్చింది. నెల రోజులుగా మోసీ మోసీ మడతల దగ్గర మెత్తబడిపోయింది. సంతకం గడి ఖాళీగా ఉంది. వదిన మిషను మీది పెన్ను అందుకుని గుండు చేతిలో పెట్టింది.

"పెట్టరా సంతకం."

వాడు బ్రష్షు తీసి, నోరు తుడుచుకుని, వాళ్ళత్త మొహంలోకే చూస్తూ అడిగాడు. "పిచ్చుకకీ ఇప్పుడే వచ్చేది కదత్తా?"

"నీకంటే ముందొచ్చేదిరా. నీకంటే పన్నెండు రోజులు పెద్దది" అంది వదిన.

ఆ రోజు అధికారి ఇంకే గడపా ఎక్కలేదు. పార్టీలవాళ్ళకి ఇచ్చిన వివరణలో ఆ బూత్ దగ్గర ఒక వాక్యం తనే రాశాడట. నియోజకవర్గమంతటా ఓటర్లు జనాభా కంటే వేగంగా పెరగడం సహజమేనని, ఈ ఒక్క బూత్‌లో పెరగాల్సినంత పెరగలేదని, కారణం తాను వెళ్ళి చూశానని. బల్ల గుద్దిన పెద్దమనిషి అది చదివాడో లేదో తెలీదు.

ముసాయిదా జాబితా బడి గోడకి అంటించిన రోజు సాయంత్రం వదిన కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది. టీచరమ్మ బడి తాళం వేస్తూ చూసి ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళాలో వద్దో తెలీక, చివరికి వెళ్ళి పక్కన నిలబడింది. వదిన వేలు వరసగా కిందికి దిగింది. అన్నయ్య పేరు. వదిన పేరు. వెంటనే ఇంటి నంబరు మారింది. టీచరమ్మ భర్త, టీచరమ్మ, గుండు. వయసు పద్దెనిమిది.

"బాగుంది" అంది వదిన. వాడి పేరు మీద వేలితో ఒకసారి నిమిరింది.

తర్వాత వేలు మళ్ళీ పైకి తీసుకెళ్ళింది. తన పేరుకీ పక్కింటి నంబరుకీ మధ్య సన్నటి గీత ఉంది. దాని మీద గోరు ఆనించింది.

"ఇక్కడ ఉండేది" అని, కూతురి పేరు పైకి చదివింది. ఇంటిపేరుతో సహా, జాబితాలో ఉన్నట్టే చదివింది. చదివి టీచరమ్మ వైపు చూసింది.

టీచరమ్మ ఆ గీత వైపు చూసింది. గొంతు సవరించుకుంది. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి, హాజరు పిలిచినట్టు, ఆ పేరు పలికింది.

"ఉంది" అంది వదిన.